ఇరవై శాతంలో ఇమిడేదెంత?

విదేశీ విరాళంతో నడిచే స్వచ్ఛంద సంస్థల్లో ఆర్థిక సంవత్సరం చివరికొచ్చేసరికి అందరి నోటా ఒకటే మాట: అడ్మిన్ ఇరవై దాటుతోందా? దాటేటట్టు కనిపిస్తే ముందుగా వేటు పడేది అకౌంటెంటు జీతం మీద. ఆ తర్వాత ఆడిటరు ఫీజు, పాతబడిన కంప్యూటరు మార్చాలన్న ఆలోచన, సిబ్బందికి ఇవ్వాల్సిన ట్రావెలింగ్ బిల్లులు. పొదుపు చేశామన్న తృప్తి ఏడాది కూడా నిలవదు. లెక్కలు రాసే మనిషి లేక వోచర్లు కుప్పపడతాయి, రిటర్ను ఆలస్యమవుతుంది, సంస్థ రిజిస్ట్రేషనే చిక్కులో పడుతుంది.

ఈ కోతల్లో చాలావాటికి అవసరమే ఉండదు. చట్టం పరిమితి పెట్టింది ఒక నిర్వచనంలోకి వచ్చే ఖర్చులకు. ఆ నిర్వచనాన్ని శ్రద్ధగా చదివి, ఏ ఖర్చు లోపలికి వస్తుందో, ఏది రాదో ఆధారంతో సహా రాసుకున్న సంస్థకు ఇరవై శాతం చాలావరకు సరిపోతుంది. సరిపోని సంస్థలూ ఉన్నాయి. వాటి ఇబ్బంది నిజమైనది, దాని గురించి చివర్లో చెబుతాను.

ముందు చట్టం చూద్దాం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనే చట్టం, 2010లో వచ్చినప్పుడు ఎనిమిదో సెక్షన్ ప్రకారం ఏడాదిలో అందిన విరాళంలో సగం దాకా పరిపాలనకు వాడుకునే వీలుండేది. 2020 సవరణతో, ఆ సెప్టెంబరు 29 నుంచి, ఆ సగం ఇరవై శాతానికి దిగింది. అదే సవరణ ఏడో సెక్షన్‌ను కూడా మార్చి, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదంది. ఈ రెండో మార్పుకూ మన ప్రశ్నకూ సంబంధం ఉంది. అంతకుముందు పెద్ద సంస్థ నిధులు తెచ్చి, లెక్కలూ రిపోర్టులూ తన దగ్గరే చూసుకుని, చుట్టుపక్కల చిన్న సంస్థలకు పని పంచేది. ఆ దారి మూసుకుపోయాక ప్రతి చిన్న సంస్థా తన లెక్కలు తనే మోయాలి. మోయాల్సిన బరువు పెరిగిన సమయంలోనే మోసేందుకు ఇచ్చే వాటా తగ్గింది.

ఏది పరిపాలనా ఖర్చో చెప్పేది 2011 నిబంధనల్లో ఐదోది. అందులో ఉన్నవి ఇవి: పాలకవర్గ సభ్యుల జీతాలు, ప్రయాణాలు, సంస్థ నిర్వహణ కోసం పెట్టుకున్న సిబ్బంది జీతాలు, ప్రయాణాలు, కరెంటు, నీళ్లు, ఫోను, పోస్టేజీ, స్టేషనరీ, ఆఫీసు పరికరాలు, లెక్కలు రాయడానికి, నిధులు చూసుకోవడానికి అయ్యే ఖర్చు, వాహనాల నిర్వహణ, రిపోర్టులు రాసి దాఖలు చేసే ఖర్చు, లీగల్, ప్రొఫెషనల్ ఫీజులు, ఆఫీసు అద్దె, మరమ్మతులు. జాబితా ఇక్కడితో అయిపోతే ఏ సంస్థా ఇరవైలో ఇమడదు. కానీ కింద రెండు మినహాయింపులున్నాయి. ప్రధానంగా పరిశోధన, శిక్షణ చేసే సంస్థల్లో శిక్షణ ఇచ్చేవారి జీతాలు, క్షేత్రంలో సమాచారం సేకరించి విశ్లేషించేవారి జీతాలు పరిపాలన కిందికి రావు. అలాగే సంక్షేమ సంస్థ తాను ప్రకటించుకున్న లక్ష్యాల కోసం నేరుగా పెట్టే ఖర్చు, అంటే ఆసుపత్రిలో డాక్టర్ల జీతం, బడిలో టీచర్ల జీతం లాంటివి, పరిపాలన కిందికి రావు. ఏ సంస్థకైనా అసలు లెక్కంతా ఈ రెండు మినహాయింపుల దగ్గరే తేలుతుంది.

నిధులు ఇంకోవైపు నుంచి వస్తే పరిమితీ మారుతుంది. కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు విషయంలో తరచూ వినిపించే మాట, చట్టం ప్రకారం ఐదు శాతానికి మించి అడ్మిన్ ఇవ్వడం కుదరదని. బడ్జెట్ సమావేశంలో కంపెనీ అధికారి ఈ మాట అనగానే సంస్థ ప్రతినిధి తలూపి వచ్చేస్తాడు. ఆ తలూపడానికి చట్టంలో ఆధారం లేదు. సీఎస్‌ఆర్ నిబంధనల్లో ఏడోది చెప్పే ఐదు శాతం, కంపెనీ తన సొంత సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు పరిమితి. 2021 జనవరిలో వచ్చిన సవరణ నిర్వచనంలోనే ఆ సంగతి స్పష్టం చేసింది: ఒక ప్రాజెక్టును రూపొందించడానికి, అమలు చేయడానికి, పర్యవేక్షించడానికి, మూల్యాంకనం చేయడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. అదే ఏడాది ఆగస్టు 25న కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇచ్చిన ప్రశ్నోత్తరాల సర్క్యులర్‌లో కూడా, అమలు చేసే సంస్థకయ్యే నిర్వహణ ఖర్చు కంపెనీ అడ్మిన్ కిందికి రాదని ఉంది. ఆ సర్క్యులర్ ప్రింటు ఒకటి ఫైల్లో పెట్టుకుని సమావేశానికి వెళ్లడం మంచిది. కంపెనీ తన సొంత విధానం కింద ఐదు శాతమే ఇస్తానంటే అది దాని ఇష్టం. అప్పుడు జరిగేది బేరం. చట్టాన్ని అడ్డుపెట్టుకుని బేరాన్ని ఎవరూ ముగించేయకుండా చూసుకోవాలి.

ఇక విదేశీ దాత సంస్థలు తమ ఒప్పందాల్లో రాసే పరిమితులు మూడో రకం. పది శాతం, పన్నెండు, పదిహేను, ఎవరిష్టం వాళ్లది. అమెరికా ప్రభుత్వ గ్రాంట్ల నిబంధనల్లో సొంత రేటు ఖరారు చేసుకోని సంస్థలకు ఇచ్చే కనీస పరోక్ష ఖర్చు రేటును 2024 అక్టోబరు నుంచి పది శాతం నుంచి పదిహేనుకు పెంచారు. ఇక్కడ గమనించాల్సింది, దాత ఒప్పందంలో పరోక్ష ఖర్చు అనే మాటకున్న అర్థమూ, మన ఐదో నిబంధనలో పరిపాలనా ఖర్చు అనే మాటకున్న అర్థమూ ఒకటి కావు. ప్రాజెక్టు అకౌంటెంటు జీతాన్ని దాత నేరుగా ప్రాజెక్టు పద్దులో ఒప్పుకోవచ్చు. ఎఫ్‌సీఆర్‌ఏ దృష్టిలో అది లెక్కలు రాసే ఖర్చు, అంటే పరిపాలనే. దాత ఒప్పుకున్నాడు కదా అని రిటర్నులోనూ ప్రాజెక్టు కిందే చూపిస్తే తప్పవుతుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లే ఎక్కువ సంస్థలు ఇరుక్కుంటాయి.

అసలు ఒక సంస్థకు నిర్వహణ ఖర్చు ఎంత అవుతుంది? బ్రిడ్జ్‌స్పాన్ గ్రూపు మన దేశంలో పెద్ద సంస్థల లెక్కలు పరిశీలించి 2021లో నివేదిక ఇచ్చింది. పరోక్ష ఖర్చులు సంస్థను బట్టి 5 శాతం నుంచి 51 శాతం దాకా ఉన్నాయని అందులో తేలింది. మందులు కొని పంచే సంస్థకూ, టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థకూ ఒకే శాతం కుదరకపోవడం సహజమే. మొదటిదాంట్లో డబ్బులో ఎక్కువ భాగం సరుకు కింద పోతుంది కాబట్టి నిర్వహణ వాటా చిన్నదిగా కనిపిస్తుంది. రెండోదాంట్లో మనుషులే పని, మనుషులకే ఖర్చు. అందరికీ ఒకే గీత గీసినప్పుడు రెండో రకం సంస్థ ఎంత పొదుపుగా నడిచినా దుబారా చేస్తున్నట్టే కనబడుతుంది. ఇది పరిమితి తయారీలోనే ఉన్న లోపం. పద్దులు ఎలా రాసినా ఇది పోదు.

ఇప్పుడు ఒక సంస్థ లెక్క పూర్తిగా చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం నేను కూర్చినవి, కానీ ఇలాంటి సంస్థలు మన ఏజెన్సీ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. పాడేరు వైపు కొండ గ్రామాల్లో సంచార వైద్యం నడిపే సంస్థ అనుకోండి. ఇద్దరు నర్సులు, పద్నాలుగు మంది గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, ఒక జీపు, ఊళ్లో అద్దెకు తీసుకున్న ఇల్లు. ఏడాదికి 90 లక్షల విదేశీ విరాళం, మన దగ్గరే దాతల నుంచి వచ్చే 10 లక్షలు. ఇరవై శాతం అంటే 18 లక్షలు.

అకౌంటెంటు వేసిన మొదటి లెక్కలో పరిపాలన కింద ఇవి పడ్డాయి: డైరెక్టరు జీతం 6 లక్షలు, ప్రోగ్రామ్ కోఆర్డినేటరుకు 4 లక్షల 80 వేలు, అకౌంటెంటుకు 3 లక్షలు, ఇంటి అద్దె 1 లక్షా 80 వేలు, కరెంటు, ఫోను, స్టేషనరీ కలిపి 1 లక్షా 20 వేలు, జీపుకు 3 లక్షల 60 వేలు, ఆడిటు, లీగల్ ఫీజులు 1 లక్షా 20 వేలు, సమాచార సేకరణకు, రిపోర్టులకు 2 లక్షల 40 వేలు. మొత్తం 24 లక్షలు. వచ్చిన విరాళంలో ఇది దాదాపు 27 శాతం. ఆరు లక్షలు ఎక్కువ. అకౌంటెంటు దగ్గరుండి చూసింది ఆఫీసే కాబట్టి ఆఫీసు నుంచి బిల్లు పడిన ప్రతిదీ అడ్మిన్‌లో వేశాడు. అందులో అతని తప్పేమీ లేదు. ఏ బిల్లు ఎందుకైందో అతనికి చెప్పినవాళ్లు లేరు.

ఒక్కో పద్దునూ తీసి చూస్తే, కోఆర్డినేటరు నెలలో ఎక్కువ రోజులు కొండ మీదే ఉంటుంది. నర్సులతో పాటు గ్రామాలకు వెళ్లడం, కార్యకర్తలకు కాన్పు ముందు పరీక్షలు నేర్పడం, మలేరియా కేసుల్ని చికిత్సకు పంపించడం ఆమె పని. అది సంస్థ లక్ష్యం కోసం నేరుగా చేసే పనే. మిగతా రోజుల్లో ఆఫీసులో సమావేశాలు, సెలవులు, బిల్లుల ఆమోదం. ఆమె టైమ్‌షీట్లు ఏడాది పొడవునా చూస్తే సుమారు 70 శాతం మొదటి రకం, 30 శాతం రెండో రకం అనుకుందాం. అంటే జీతంలో 3 లక్షల 36 వేలు కార్యక్రమంలోకి వెళ్తాయి.

జీపు విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. వాహనాల నిర్వహణ అనే మాట నిబంధనలో పేరుపెట్టి మరీ పరిపాలన కింద ఉంది. కాబట్టి జీపంతా కార్యక్రమమే అనడానికి వీల్లేదు. అయితే మందుల పెట్టెలతో, నర్సుతో గ్రామానికి వెళ్లిన రోజు ఆ జీపు సంచార వైద్యశాలే. అది లేకపోతే వైద్యమే లేదు. డైరెక్టరు విశాఖలో సమావేశానికి వెళ్లిన రోజు అదే జీపు పరిపాలన. లాగ్‌బుక్ ప్రకారం వైద్య శిబిరాలకు 60 శాతం కిలోమీటర్లు తిరిగితే 2 లక్షల 16 వేలు కార్యక్రమంలోకి వస్తాయి. ఇల్లు మొత్తం వెయ్యి చదరపు అడుగులు, అందులో 400 అడుగులు మందుల గదీ, కార్యకర్తల శిక్షణ గదీ. ఆ వాటాకు అద్దె 72 వేలు. ఈ మూడూ కలిపితే 6 లక్షల 24 వేలు పరిపాలన నుంచి బయటికి వచ్చాయి. మిగిలింది 17 లక్షల 76 వేలు, శాతంలో 19.7.

ఇక్కడ ఆగని సంస్థలున్నాయి. డైరెక్టరు కూడా నెలకు నాలుగుసార్లు గ్రామాలకు వెళ్తాడు కదా, ఆయన జీతంలో సగం కూడా తీసేద్దాం అనిపిస్తుంది. నేనైతే ముట్టుకోను. నిర్వహణ కోసం పెట్టుకున్న మనిషి అనే మాట సరిగ్గా ఆయనకే వర్తిస్తుంది. ఆయన ఊరికి వెళ్లేది చాలావరకు పర్యవేక్షణకే. ఆయన్ని చీల్చి చూపిస్తే, న్యాయంగా చీల్చిన కోఆర్డినేటరు లెక్కను కూడా ఆడిటరు అనుమానంతో చూస్తాడు. సమాచార సేకరణ ఖర్చును కూడా బయటికి తీయకూడదు. మినహాయింపు ప్రధానంగా పరిశోధన, శిక్షణ చేసే సంస్థలకే ఉంది. వైద్యం చేసే సంస్థ దాతకు రిపోర్టు రాయడానికి అంకెలు సేకరిస్తే అది రిపోర్టు ఖర్చే. రోగి కార్డు మీద నర్సు రాసేది మాత్రం వైద్యంలో భాగం, దానికి వేరే పద్దు అక్కర్లేదు.

19.7 శాతం కాగితం మీద సరిపోయినట్టే ఉన్నా మిగులు 24 వేలే. డిసెంబరులో కంప్యూటరు పాడైతే, ఇంకో లీగల్ నోటీసు వస్తే గీత దాటుతుంది. అందుకే ఈ సంస్థ రిపోర్టుల ఖర్చులో సగం, 1 లక్షా 20 వేలు, మన దగ్గరి దాతల డబ్బు నుంచి పెట్టుకోవాలి. అప్పుడు 16 లక్షల 56 వేలు, 18.4 శాతం. లక్షన్నర దాకా ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది. స్థానిక విరాళాల పది లక్షల్నీ అన్నదానాలకో, పిల్లలకు నోటు పుస్తకాలకో ఖర్చుపెట్టేయడం చాలా సంస్థల అలవాటు, ఎందుకంటే స్థానిక దాతలకు కంటికి కనిపించేది కావాలి. కానీ విదేశీ డబ్బుకు పరిమితి ఉండి, స్థానిక డబ్బుకు అలాంటి పరిమితి లేనప్పుడు, నిర్వహణకు ఎక్కువ అక్కరకొచ్చేది స్థానిక డబ్బే. దాతకు ఆ మాట నేరుగా చెప్పి అడగాలి. మీ లక్ష రూపాయలు మా లెక్కలు రాసే మనిషికి వెళ్తాయి, ఆయన ఉండబట్టే తొంభై లక్షల పని సజావుగా నడుస్తుంది అని వివరంగా చెబితే అర్థం చేసుకునే దాతలు ఉంటారు.

ఈ లెక్కంతా టైమ్‌షీటు మీద, లాగ్‌బుక్ మీద ఆధారపడింది. అవి బలహీనమైతే మొత్తం కూలిపోతుంది. ఐదో నిబంధన జీతాన్ని ఇలా పంచమని ఎక్కడా చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. పంచిన ఆధారం నమ్మదగ్గదిగా ఉంటే చాలామంది ఆడిటర్లు ఒప్పుకుంటారు. కొందరు ఒప్పుకోరు, ఒక మనిషి ఒకే పద్దు అంటారు. ఏడాది మొదట్లోనే ఆడిటరుతో కూర్చుని, ఏ పద్దు ఏ కొలత మీద పంచుతామో ఒక పేజీ నోటు రాసుకుని, పాలకవర్గం చేత తీర్మానం చేయించుకోవాలి. మనుషులకు రోజులు, జీపుకు కిలోమీటర్లు, గదులకు చదరపు అడుగులు. కొలత మధ్యలో మారకూడదు.

దొంగ టైమ్‌షీటును గుర్తుపట్టడం తేలిక. పన్నెండు నెలలూ సరిగ్గా 70 శాతమే ఉంటుంది. వర్షాలకు ఘాట్ రోడ్డు తెగి జీపు కదలని జూలైలో కూడా కోఆర్డినేటరు ఇరవై రోజులు గ్రామాల్లో ఉన్నట్టు ఉంటుంది. పన్నెండు కాగితాల మీదా ఒకే పెన్ను, ఒకే వంపు సంతకం కనిపిస్తాయి. నిజమైన టైమ్‌షీటు నెలనెలా మారుతుంది. ఒక నెల 82, ఒక నెల 51 వస్తుంది. రాసేది కూడా రోజుకో లైను చాలు: తేదీ, ఊరు, పని, అరపూటా పూర్తి రోజా. నెలాఖరున పై అధికారి సంతకం. గంటల లెక్కన రాయమంటే ఎవరూ రాయరు, రాసినా కట్టుకథే రాస్తారు.

లాగ్‌బుక్‌ను డీజిలు బిల్లు పట్టిస్తుంది. కొండ దారిలో ఆ జీపు లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. నెలలో 1,800 కిలోమీటర్లు తిరిగినట్టు లాగ్‌బుక్ చెబుతుంటే 180 లీటర్లు పట్టాలి. పెట్రోలు బంకు బిల్లులు 240 లీటర్లు చూపిస్తే ఆ అరవై లీటర్లకు సమాధానం కావాలి. బండి పాతబడి మైలేజీ తగ్గిందేమో, లేక తిరిగిన ట్రిప్పులు కొన్ని రాయలేదేమో. రాయని ట్రిప్పులు సాధారణంగా సొంత పనులవో, ఆఫీసు పనులవో అయి ఉంటాయి, అంటే కార్యక్రమం కిందికి రానివి. అకౌంటెంటు నెలకోసారి పది నిమిషాలు ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

పద్దులు రాసే విధానంలో ఒక్క మార్పు చేస్తే ఎఫ్‌సీఆర్‌ఏ నిర్వచనం, దాత నిర్వచనం రెండూ ఒకే పుస్తకంలోంచి వస్తాయి. ప్రతి వోచరు మీద రెండు గుర్తులు ఉండాలి. మొదటిది ఏ దాత, ఏ ప్రాజెక్టు. రెండోది ఐదో నిబంధన ప్రకారం పరిపాలనా, కార్యక్రమమా. ప్రాజెక్టు అకౌంటెంటు జీతం వోచరు మీద దాత ప్రాజెక్టు గుర్తు ఒకవైపు, పరిపాలన గుర్తు ఇంకోవైపు పడతాయి. దాతకు రిపోర్టు పంపేటప్పుడు మొదటి గుర్తు చూసి కూడతారు, రిటర్నుకు రెండోది. ఇది వోచరు రాసే రోజునే జరగాలి. మార్చి నెలలో జర్నల్ ఎంట్రీలు వేసి లక్షలకు లక్షలు ఒక పద్దు నుంచి ఇంకోదానికి మార్చిన పుస్తకాన్ని చూస్తే, ఏం జరిగిందో చదివిన ఎవరికైనా తెలిసిపోతుంది.

నిర్వహణ అవసరాల్లో పరిమితి వల్ల కాక, బడ్జెట్లో రాయకపోవడం వల్ల పోయేది ఒకటుంది, గ్రాట్యుటీ. పది మంది, ఆపైన పనిచేసే సంస్థకు అది వర్తిస్తుంది. పదిహేను వేల జీతం తీసుకునే ఆరోగ్య కార్యకర్తకు ప్రతి సంవత్సరం సర్వీసుకు పదిహేను రోజుల జీతం, ఇరవై ఆరు రోజుల నెల లెక్కన, సుమారు 8,650 రూపాయలు పక్కన పెట్టాలి. పద్నాలుగు మందికి లక్షా ఇరవై వేల పైచిలుకు. చాలా సంస్థలు దీన్ని అడ్మిన్ భారమనుకుని బడ్జెట్లో అసలు చూపించవు. పదేళ్ల తర్వాత ఎవరో మానేసినప్పుడు ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో తోచదు. గ్రాట్యుటీ, పీఎఫ్ యజమాని వాటా మనిషి వెంట వెళ్తాయి. ఆ మనిషి జీతం కార్యక్రమమైతే ఇవీ కార్యక్రమమే. దాత దగ్గర జీతం పద్దులోనే కలిపి అడగాలి. ఇందులో పరిమితికి అడ్డొచ్చేదేమీ లేదు.

శాతం ఏ మొత్తం మీద లెక్కిస్తారన్నది ఇంకో చిక్కు. సెక్షన్ చెప్పేది ఆ ఆర్థిక సంవత్సరంలో అందిన విరాళం గురించి. మన పాడేరు సంస్థకు రెండో ఏడాది రావాల్సిన మొదటి విడత 30 లక్షలు తొందరగా, మొదటి ఏడాది మార్చిలోనే ఖాతాలో పడిందనుకోండి. అప్పుడు మొదటి ఏడాది 120 లక్షలు అందినట్టు, రెండో ఏడాది 60 లక్షలే. మొదటి ఏడాది హద్దు 24 లక్షలు, రెండో ఏడాది 12. ఖర్చు మాత్రం రెండేళ్లూ సుమారు పదహారున్నరే. మొదటి ఏడాది బాగా తక్కువలో ఉన్న సంస్థ రెండో ఏడాది 27 శాతం దాటిపోయినట్టు కనిపిస్తుంది. తేదీ మారింది తప్ప సంస్థలో ఏదీ మారలేదు. 2024 డిసెంబరు ఆఖరున వచ్చిన నిబంధనల సవరణ తర్వాత, ఒక ఏడాది వాడుకోని పరిపాలనా వాటాను తర్వాతి ఏడాదికి తీసుకెళ్లే వీలు వచ్చింది. ఆ మిగులును, మిగిలిన కారణాన్ని ఎఫ్‌సీ-4 రిటర్నులో చూపించాలి. మొదటి ఏడాది మిగిలిన ఏడున్నర లక్షలు అలా చూపిస్తే రెండో ఏడాది లోటు నాలుగున్నర లక్షలు పూడుతుంది. చూపించకపోతే పూడదు. రిటర్నుకు ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలలు, అంటే డిసెంబరు 31 దాకా గడువుంది కాబట్టి ఈ గడి ఖాళీగా వదిలేయడానికి సాకు లేదు. అంతకన్నా మంచిది, విడత ఎప్పుడు పంపాలో దాతతో ముందే మాట్లాడుకోవడం. మార్చి 28న కాకుండా ఏప్రిల్ 5న పంపమని ఒక ఈమెయిలు పెడితే సరిపోయే పని ఇది.

గీత దాటక తప్పదని ముందే తెలిస్తే చట్టంలోనే ఒక తలుపుంది. కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతితో ఇరవై శాతం దాటి ఖర్చు పెట్టవచ్చు. ముందస్తు అనేదే అక్కడ ముఖ్యం. ఖర్చు పెట్టేశాక అడిగితే అది అనుమతి కింద లెక్కలోకి రాదు, అప్పటికే అతిక్రమణ. దానికి జరిమానా కట్టి రాజీ చేసుకునే ఏర్పాటు ఉంది, కానీ రిజిస్ట్రేషన్ రెన్యూవల్ సమయంలో ఆ రికార్డు ఫైల్లోనే ఉంటుంది. అందుకే సెప్టెంబరు నెలాఖరులోనే సగం ఏడాది లెక్క తీసి చూడాలి. అప్పటికి అందిన విరాళం, అందుతుందని ఖాయమైన విరాళం ఒకవైపు, అప్పటిదాకా అయిన పరిపాలన, ఇక ఆగని నెలసరి ఖర్చులు ఇంకోవైపు. ఆ రోజున 22 వస్తే దరఖాస్తుకూ, స్థానిక డబ్బు వెతుక్కోవడానికీ వ్యవధి ఉంటుంది. ఫిబ్రవరిలో 22 వస్తే మిగిలేవి చెడ్డ దారులే.

చివరికి చిన్న సంస్థల సంగతి. ఏడాదికి 25 లక్షల విరాళం వచ్చే సంస్థకు హద్దు ఐదు లక్షలు. నెలకు ఇరవై ఐదు వేల మీద అకౌంటెంటును పెట్టుకుంటే మూడు లక్షలు. ఆడిటుకు, రిటర్నుకు, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తప్పనిసరిగా ఉండాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతా వ్యవహారాలకు కలిపి ఇంకో 80 వేలు అవుతాయనుకుందాం. మిగిలేది లక్షా ఇరవై వేలు. అందులో అద్దె, కరెంటు, ఫోను పోతే, సంస్థను నడిపే మనిషికి జీతం అనేదే ఉండదు. ఈ సంస్థ దగ్గర లెక్కలు సరిగ్గా రాయడానికయ్యే ఖర్చు విరాళం తగ్గినంతమాత్రాన తగ్గదు. టైమ్‌షీట్లు ఎంత నిజాయితీగా రాసినా అది పదిహేను శాతం కిందికి దిగదు. అలాంటి చోట నాకు కనిపించే పనికొచ్చే దారి ఒకటే: దగ్గర్లోని మూడు సంస్థలు ఒకే అకౌంటెంటును, ఎవరికి వారు విడివిడిగా, వారానికి రెండేసి రోజుల చొప్పున పెట్టుకోవడం. ఒక సంస్థ జీతమిచ్చి మిగతా సంస్థల దగ్గర వసూలు చేసుకుంటే విదేశీ విరాళం చేతులు మారినట్టవుతుంది, అది ఏడో సెక్షన్ నిషేధించిన పని. కాబట్టి మూడు నియామక పత్రాలు, మూడు హాజరు పుస్తకాలు, మూడు ఖాతాల నుంచి మూడు చెల్లింపులు ఉండాలి. అకౌంటెంటుకు మొత్తం జీతం నిండుగా అందుతుంది, ఒక్కో సంస్థ మీద నెలకు ఎనిమిది వేల మూడు వందలే పడుతుంది. ఏడాదికి లక్ష. దాంతో చిన్న సంస్థకు ఐదు లక్షల్లో మూడు లక్షల ఇరవై వేలు చేతిలో ఉంటాయి, నడిపే మనిషికి నెలకు పద్దెనిమిది వేలో ఇరవై వేలో ఇచ్చి, అద్దె కూడా కట్టుకోవచ్చు. జీతం ఇంకా తక్కువే. ఆ తక్కువను పూడ్చేది స్థానిక విరాళమే అవ్వాలి, అదీ లేకపోతే ముందస్తు అనుమతికి దరఖాస్తు పెట్టాలి, దాంతో పాటు ఈ లెక్కను దాతకు కూడా ఒక కాగితం మీద రాసి పంపాలి.